నాలుగేళ్లు ఒకే అప్‌లోడ్ సర్వీసు వాడాక: ఎక్కించిన ఫోటో ఎక్కడ మాయమవుతుంది, మళ్లీ ఎలా పంపాలి

నాలుగేళ్లుగా ఒకే ఫోటో అప్‌లోడ్ సర్వీసు వాడుతున్నాను, అదీ ఉచిత ఖాతాతో. పేరు చెప్పడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే ఇబ్బందులు ఇలాంటి సర్వీసుల్లో చాలావాటికి ఉన్నవే. ముందు నా తీర్పు చెప్పేస్తాను. నలుగురికి ఫోటోలు చూపించడానికి ఇది బాగానే ఉంది, వేగం కూడా బాగుంది. కానీ ఫోటో పోయినప్పుడు ఎందుకు పోయిందో చెప్పదు, అది నాకు అస్సలు నచ్చలేదు. కారణం మనమే వెతుక్కోవాలి, కారణం తెలియకుండా అదే ఫైల్‌ను పదిసార్లు ఎక్కించినా పదిసార్లూ పోతుంది.

నాకు ఇదంతా తెలిసింది తాతయ్య నోట్‌బుక్ వల్ల. 22 పేజీల చేతిరాత పుస్తకం, సిరా వెలిసిపోతోంది, అందుకని పేజీలన్నీ ఎక్కించి బంధువులకు లింకులు పంపాను, తలా కొన్ని పేజీలు చదివి టైప్ చేయాలని. మొదటి రోజే మూడు పేజీలు కనబడలేదు. మరో ఐదు నాకు కనబడుతున్నాయి కానీ అవతలివాళ్లకు కనబడటం లేదు. మిగతా పద్నాలుగు వారం రోజులు చక్కగా కనబడి, ఒక్కసారిగా అన్నీ పోయాయి. పుస్తకం ఒకటే అయినా మూడు గుంపులకీ కారణాలు వేరు.

ముందు ఆ మూడు పేజీల సంగతి. వాటిని స్కానర్‌లో 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున తీసి పీఎన్‌జీగా దాచాను. ఏ4 కాగితం 600 డీపీఐలో సుమారు 4960 × 7016 పిక్సెళ్లు వస్తుంది, అంటే మూడున్నర కోట్ల పిక్సెళ్లు. పాత కాగితం మీద మరకలూ గరుకుదనమూ ఉంటాయి కదా, అలాంటి బొమ్మను పీఎన్‌జీ పెద్దగా కుదించలేదు, ఒక్కో ఫైల్ 40 ఎంబీ దాటింది. సర్వీసు పరిమితి 10 ఎంబీ. నన్ను తికమక పెట్టింది ఏమిటంటే అప్‌లోడ్ గీత వంద శాతం దాకా నిండింది, ఆ తర్వాత పేజీ మామూలుగా తెరుచుకుంది, ఫోటో మాత్రం లేదు. ఆ గీత చూపించేది మన దగ్గర్నుంచి ఎంత బయటికి వెళ్లిందన్నదే, అవతల సర్వర్ తీసుకుందా లేదా అన్నది దానికి తెలియదు. చాలా సర్వర్లు పరిమితి దాటితే `413` అని జవాబిస్తాయి, దాన్ని మనకు చూపించాల్సిన పని సైట్‌ది, అది చూపించకపోతే ఫోటో గాల్లో కలిసిపోయినట్టే ఉంటుంది. పీహెచ్‌పీతో నడిచే సైట్లలో ఇంకో తమాషా ఉంది, పంపిన మొత్తం `post_max_size` అనే సైజు పరిమితిని దాటితే ఫోటోతో పాటు మనం రాసిన వివరం కూడా సైట్‌కు ఖాళీగా అందుతుంది. రాసింది కూడా పోయిందంటే ముందు సైజునే అనుమానించండి.

దీనికి మందు సులువే. 300 డీపీఐకి తగ్గిస్తే పిక్సెళ్లు సగం కావు, నాలుగో వంతు అవుతాయి, జేపెగ్‌గా మారిస్తే ఇంకా చిన్నదవుతుంది. బొమ్మల్ని మార్చే ఇమేజ్‌మ్యాజిక్ ప్రోగ్రాం 7వ వెర్షన్ ఉన్నవాళ్లకు ఒక్క లైన్ చాలు:

```
magick page-17.png -resize 2500x3500 -quality 85 page-17-v2.jpg
```

నా పేజీలు ఒక్కోటి 3 ఎంబీ లోపుకు వచ్చాయి, అక్షరాలకు ఏ నష్టమూ జరగలేదు. అసలు స్కాన్ ఫైళ్లను మాత్రం ముట్టుకోకండి, కాపీని మాత్రమే చిన్నది చేయండి.

ఆ ఐదు పేజీలు మా అక్క ఐఫోన్‌లో తీసినవి. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి, ఫార్మాట్‌ను సపోర్ట్ చేసే ఐఫోన్లు ఫోటోలను హెచ్ఈఐసీ ఫార్మాట్‌లో దాచుకుంటున్నాయి. ఫైల్ చిన్నగా ఉంటుంది కాబట్టి ఫోన్‌కు అది లాభమే, కానీ క్రోమ్ లాంటి బ్రౌజర్ దాన్ని చూపించలేదు, సఫారీ కొత్త వెర్షన్లు చూపిస్తాయి. నేను సఫారీలో చూసి అన్నీ బాగున్నాయి అనుకున్నాను. అక్క తీసిన మిగతా పేజీలకు ఏమీ కాలేదు, ఈ ఐదే ఎందుకు అని చాలాసేపు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఫోన్ గ్యాలరీ నుంచి నేరుగా ఎక్కిస్తే చాలాసార్లు ఫోనే జేపెగ్‌గా మార్చి ఇస్తుంది, ఈ ఐదూ తను కేబుల్‌తో కంప్యూటర్‌లోకి తీసుకుని పంపింది, అవి ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి.

తను మంచి ఉద్దేశంతో ఫైల్ పేరు చివర `.heic` తీసేసి `.jpg` అని పెట్టి మళ్లీ ఎక్కించింది, ఈసారి సైటే తిప్పి కొట్టింది. పేరు మారిస్తే లోపలి సరుకు మారదు. అనుమానం వస్తే ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి మొదటి లైన్ చూడండి. అర్థం కాని గుర్తుల మధ్య `ftypheic` అని ఉంటే అది హెచ్ఈఐసీ, `JFIF` లేదా `Exif` అని మొదట్లోనే కనబడితే జేపెగ్. చూశాక సేవ్ చేయకుండా మూసేయండి, సేవ్ చేస్తే ఫోటో పాడవుతుంది. మార్చాలంటే ఫోటో యాప్‌లో తెరిచి జేపెగ్‌గా ఎగుమతి చేయాలి. ఇకముందు తీసేవాటికి ఐఫోన్ సెట్టింగ్స్‌లో Camera, అందులో Formats, అందులో Most Compatible ఎంచుకుంటే సరిపోతుంది, పాతవి మాత్రం మారవు.

ఇక నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఆ పద్నాలుగు పేజీలు. సర్వీసు వాళ్లు డిలీట్ చేశారేమో అని భయపడ్డాను. నా కంప్యూటర్‌లో మాత్రం అవి ఇంకా కనబడుతూనే ఉన్నాయి, అది బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ అని తర్వాత తెలిసింది, ప్రైవేట్ విండోలో తెరిస్తే నాకూ రాలేదు. తెల్ల పేజీ మీద `Request has expired` అని ఉంది. అప్పుడు లింక్‌ను పూర్తిగా చదివాను, దాని తోకలో ఈ రెండు ముక్కలు ఉన్నాయి:

```
X-Amz-Date=20240305T064500Z
X-Amz-Expires=604800
```

మొదటిది లింక్ పుట్టిన సమయం, 2024 మార్చి 5, ఉదయం 6:45, విశ్వ సమయంలో. రెండోది ఆయుష్షు, సెకన్లలో. 604800 సెకన్లు అంటే సరిగ్గా 7 రోజులు. మార్చి 12న లింక్ చచ్చిపోయింది, ఫోటో మాత్రం నా ఖాతాలో భద్రంగా ఉంది. పొరపాటు ఎక్కడ జరిగిందంటే, నేను ఫోటో మీద నొక్కి బొమ్మ చిరునామాను కాపీ చేసి పంపాను, అది తాత్కాలికం. షేర్ బటన్ ఇచ్చే లింక్ అయితే ఫోటో ఉన్న పేజీకి వెళ్తుంది, పేజీ తెరిచిన ప్రతిసారీ బొమ్మకు కొత్త చిరునామా తయారవుతుంది. అందుకే లింక్ పనిచేయనప్పుడు వెంటనే మళ్లీ ఎక్కించకండి, ముందు ఖాతాలోకి వెళ్లి ఫోటో ఉందో లేదో చూసి, ఉంటే షేర్ లింక్ పంపండి. చిరునామా `blob:` అని మొదలైతే దాన్ని ఎవరికీ పంపకండి, అది మీ బ్రౌజర్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు.

తిరిగి పంపేటప్పుడు నేను ఫైల్‌కు కొత్త పేరు పెడతాను, పైన `v2` అని ఉన్నది అందుకే. పాత పేరుతో పంపితే ఏది పాతదో ఏది కొత్తదో అవతలివాళ్లకు అర్థం కాదు, కొన్నిసార్లు బ్రౌజర్ కూడా పాత కాపీనే చూపిస్తుంది. ఎక్కించాక ప్రైవేట్ విండోలో, వీలైతే వేరే ఫోన్‌లో కూడా తెరిచి చూస్తాను. తొందరలో ఉంటే చాట్‌లో డాక్యుమెంట్‌గా పంపుతాను, ఎందుకంటే ఫోటోగా పంపితే చాట్ యాప్ బాగా కుదించేస్తుంది, సన్నటి చేతిరాత అలుక్కుపోతుంది. మెయిల్‌లో పంపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, జత చేసిన ఫైల్ దారిలో దాదాపు మూడో వంతు బరువెక్కుతుంది, అందుకే 25 ఎంబీ పరిమితి ఉన్నచోట 20 ఎంబీ ఫైల్ కూడా వెనక్కి రావచ్చు.

17వ పేజీ నాలుగో ప్రయత్నంలో వెళ్లింది. అక్క దాన్ని ఆ రాత్రే టైప్ చేసి పంపింది, ఒక్క పదం దగ్గర ప్రశ్నార్థకం పెట్టింది, దానికోసం అసలు 600 డీపీఐ స్కాన్‌లోంచి ఆ ఒక్క లైన్ మాత్రం కత్తిరించి పంపాను, అది 200 కేబీ కూడా లేదు, మొదటిసారికే చేరింది.