నాలుగేళ్లుగా కాల్క్‌లో పివట్ టేబుల్: మొత్తం కలిసినా నెలలు తప్పిన లెక్క

పర్లాకిమిడిలో మా మావయ్యది ఇనుప సామాన్ల కొట్టు. సరుకు కొంత బరంపురం నుంచి, కొంత సరిహద్దు దాటి పాతపట్నం, శ్రీకాకుళం నుంచి వస్తుంది. ఖర్చుల లెక్క నేను చూస్తాను. బ్యాంకు నుంచి దింపుకున్న సీఎస్‌వీ ఫైలు ఒకటి, కొట్టులో కుర్రాడు ఎక్కించే నగదు చిట్టా ఒకటి. రెండూ ఒకే షీటులో వరసగా ఉంటాయి: తేదీ, వివరం, పద్దు, మొత్తం. మావయ్యకు కావలసింది మాత్రం ఒక్క కాగితం. పద్దులు కిందికి, నెలలు అడ్డంగా, ఏ గడిలో చూసినా ఆ నెలలో ఆ పద్దుకు అయిన ఖర్చు.

ఈ పని నేను లిబ్రేఆఫీస్ కాల్క్‌లోని పివట్ టేబుల్‌తో నాలుగేళ్లుగా చేస్తున్నాను. డబ్బు పెట్టి కొనక్కర్లేదు, కొట్టులోని పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, అది అసలు వరసలను ముట్టుకోదు. పట్టిక వేరే షీటులో తయారవుతుంది. దాన్ని చెరిపేసినా మన చిట్టా చెక్కు చెదరదు.

వేయడం సులువే. ముందు చిట్టా పక్కన `నెల` అని ఒక కొత్త నిలువు వరస పెడతాను:

```
=TEXT(A2;"YYYY-MM")
```

తర్వాత `Insert > Pivot Table` తెరిచి, పద్దును `Row Fields` లోకి, నెలను `Column Fields` లోకి, మొత్తాన్ని `Data Fields` లోకి లాగుతాను. తేదీనే నేరుగా లాగితే రోజుకో నిలువు వరస వచ్చి పట్టిక చదవలేనంత వెడల్పు అవుతుంది. నెలల వారీగా గ్రూపు చేసే సదుపాయం ఉంది కానీ, నెల ఒక్కటే ఎంచుకుంటే రెండు సంవత్సరాల ఏప్రిళ్లు కలిసిపోతాయి. పైగా జనవరి ముందుకు వస్తుంది. మా లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా. సంవత్సరం ముందు, నెల తర్వాత రాసిన ఈ రూపంలో 2024-04 మొదట, 2025-03 చివర వాటంతట అవే వరసగా నిలబడతాయి.

ఇక నన్ను బాగా కష్టపెట్టిన సంగతి. 2024 జులై మొదట్లో, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉన్న 612 వరసలతో పట్టిక వేశాను. పట్టిక చివరి మొత్తం, చిట్టా కింద వేసిన `SUM` మొత్తం పైసాతో సహా కలిశాయి. ధైర్యంగా ప్రింటు తీసి ఇచ్చాను. మావయ్య కళ్లద్దాలు సర్దుకుని, "ఒరేయ్, జులై నెలే ఇంకా నిండలేదు. డిసెంబర్ ఖర్చు ఎక్కడిదిరా?" అన్నాడు.

చూస్తే మూడు నెలలు ఉండాల్సిన చోట పన్నెండు నెలలు ఉన్నాయి. వాటితో పాటు 13/04/2024, 14/04/2024 అంటూ ఒక్కో తేదీయే ఒక్కో నిలువు వరసగా ఇంకో పేజీ నిండా ఉంది. నేను చివర అడుగున ఉన్న మొత్తం చూసుకున్నానే తప్ప, పైన ఉన్న శీర్షికలు చదవలేదు.

డిసెంబర్ గడి మీద రెండుసార్లు నొక్కాను. పివట్ పెట్టేటప్పుడు `Enable drill to details` టిక్ ఉంటే, ఆ గడిలోకి ఏ వరసలు చేరాయో కొత్త షీటులో తెరిచి చూపిస్తుంది. అక్కడ ఉన్నవి డిసెంబర్ 4, డిసెంబర్ 5, డిసెంబర్ 6 మాత్రమే. అప్పుడు అర్థమైంది. బ్యాంకు ఫైలులో 12/04/2024 అంటే ఏప్రిల్ 12. ఫైలు తెరిచేటప్పుడు భాష అమెరికా ఇంగ్లీషులో ఉండటంతో కాల్క్ నెలను ముందు చదివింది. ఏప్రిల్ 12 డిసెంబర్ 4 అయింది, మే 12 డిసెంబర్ 5 అయింది, జూన్ 12 డిసెంబర్ 6 అయింది. పదమూడో తారీఖు నుంచి పదమూడో నెల లేదు కనుక అవి తేదీలుగా మారక, మాటలుగా మిగిలిపోయాయి. `TEXT` మాటను మాటగానే తిరిగి ఇస్తుంది, అందుకే అవి శీర్షికల్లోకి ఎక్కాయి.

ఒక్క రూపాయి కూడా మారలేదు, అందుకే మొత్తం కలిసింది. డబ్బు ఒక నెల నుంచి ఇంకో నెలకు జరిగింది, అంతే.

దీన్ని చేత్తో దిద్దకూడదు. ఒకసారి తిరగబడిన తేదీ ఏదో, మొదటి నుంచీ సరిగా ఉన్నది ఏదో షీటు చూసి చెప్పలేం. అసలు సీఎస్‌వీ ఫైలునే మళ్లీ తెరవాలి. అప్పుడు వచ్చే `Text Import` పెట్టెలో తేదీ నిలువు వరస మీద నొక్కి, `Column type` దగ్గర `Date (DMY)` ఎంచుకోవాలి. అలా తెరిచాక నాకు మూడే నెలలు వచ్చాయి.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ జూన్ నగదు చిట్టా పుస్తకానికీ పట్టికకూ 9,850 రూపాయల తేడా కనిపించింది. కుర్రాడు కొన్నిచోట్ల పుస్తకంలో రాసినట్టే `2400/-` అని కొట్టాడు. మనకు అది అంకె, కాల్క్‌కు అది మాట. పివట్ దాన్ని కూడలేదు. `SUM` కూడా కూడలేదు. రెండూ ఒకే వరసలను వదిలేశాయి కనుక రెండూ చక్కగా కలిశాయి. ఇది పట్టుకోవాలంటే మొత్తం కాదు, వరసలు లెక్కపెట్టాలి:

```
=COUNTA(D2:D613)-COUNT(D2:D613)
```

ఇది సున్నా రావాలి. నాకు 7 వచ్చింది. `Ctrl+F8` నొక్కితే అంకెలు నీలంగా, మాటలు నల్లగా కనిపిస్తాయి. నల్లగా మిగిలిన ఆ ఏడింటినీ పుస్తకంతో పోల్చి సరిచేస్తే 9,850 దొరికింది.

పద్దుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. లారీ సరుకు దింపిన కూలికి నేను హమాలీ అని రాస్తాను, మావయ్య కూలి అంటాడు, కుర్రాడు కూలీ అని దీర్ఘం పెడతాడు, ఒక్కోసారి ఒడియాలోనే రాసేస్తాడు. పట్టికలో అవి నాలుగు వేర్వేరు వరసలు. చివర ఒక స్పేస్ ఎక్కువ పడినా వేరే వరసే అవుతుంది. నేను ఎవరు రాసింది వాళ్లకే ఉంచి, పక్కన `అసలు పద్దు` అని ఇంకో నిలువు వరస పెట్టి, ఒక చిన్న జాబితా నుంచి `VLOOKUP` తో ఒకే పేరు తెస్తాను. పివట్‌కు దాన్నే ఇస్తాను. జాబితాలో లేని కొత్త మాట వస్తే అక్కడ `#N/A` పడుతుంది. దాన్ని దాచకుండా ఉంచుతాను, ఏ పద్దు పేరు ఇంకా తేల్చలేదో అదే చెబుతుంది.

నాకు నచ్చనివి రెండు. చిట్టాలో మార్పు చేస్తే పట్టిక దానంతట అది మారదు, కుడి బటన్ నొక్కి `Refresh` అనాలి. మొదట ఇచ్చిన హద్దు కింద కొత్త వరసలు చేరిస్తే, `Refresh` చేసినా వాటిని తీసుకోదు. అందుకే నెలకోసారి `Properties` తెరిచి `Source` దగ్గర హద్దు పెంచుతాను. ఇవి మరిచిపోయినప్పుడు పట్టిక ఏ హెచ్చరికా ఇవ్వదు, పాత అంకెలతో అలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు ప్రింటు తీసే ముందు శీర్షికల్లో నెలలు లెక్కపెడతాను, పై సూత్రం సున్నా చూపిస్తోందో లేదో చూస్తాను, పెద్ద గడులు రెండు మూడు తెరిచి లోపలి వరసలను పుస్తకంతో పోలుస్తాను. పది నిమిషాల పని. ఆ తర్వాతే కాగితం మావయ్య చేతికి ఇస్తాను.