సింగపూర్ కోపీ కౌంటర్ మాటలు: చాలాకాలం వాడాక సమీక్ష

సింగపూర్‌లో చిన్న తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లలో, కోపీటియంలనే కాఫీ హోటళ్లలో కాఫీ చెప్పడానికి ఇంగ్లిష్ చాలు అనుకుంటాం. చాలదని కాదు, కానీ ఇంగ్లిష్‌లో అడిగితే మనం అనుకున్న కాఫీ రాదు. అక్కడ మలయ్ మాటలు, హొక్కియెన్, కాంటనీస్ అనే చైనా భాషల మాటలు కలగలిసిన సొంత పద్ధతి ఒకటి ఉంది. ఏళ్ల తరబడి దాదాపు రోజూ వాడాక నా అభిప్రాయం ఇది: ఇంత తక్కువ మాటల్లో ఇన్ని మార్పులు చెప్పుకోగలిగే పద్ధతి మన ఊళ్లలో లేదు. కాకపోతే రెండు మూడు చోట్ల మన తెలుగువాళ్లు తప్పకుండా తడబడతారు. ముఖ్యంగా షుగర్ ఉన్న అమ్మానాన్నలు పిల్లల దగ్గరికి వచ్చినప్పుడు ఆ తడబాటు ఊరికే పోదు.

మొదట ఏ పాలు పోస్తారో తెలుసుకోవాలి. ఉత్త ‘కోపీ’ అంటే తీపి కండెన్స్‌డ్ మిల్క్ వేసిన కాఫీ, మన మిల్క్‌మెయిడ్ డబ్బాలో ఉండే పాలే. ‘కోపీ ఓ’ అంటే పాలు లేనిది, కానీ చక్కెర ఉంటుంది. ‘కోపీ సీ’ అంటే ఎవాపొరేటెడ్ మిల్క్, అంటే తీపి కలపని చిక్కటి డబ్బా పాలు పోసి, చక్కెర విడిగా వేసింది. పచ్చిపాలు కాచి పోయడం ఈ కౌంటర్లలో మామూలుగా ఉండదు.

అసలు చిక్కు ఇక్కడే. ‘కాఫీ, నో షుగర్’ అని అడిగితే కౌంటర్‌లోని మనిషి నిజంగానే చక్కెర వేయరు. కానీ ఉత్త కోపీలో చక్కెర మొదటి నుంచీ విడిగా లేదు, తీపంతా పాలలోనే ఉంది. అందుకే వచ్చిన కాఫీ తియ్యగానే ఉంటుంది. మనం చెప్పింది వినలేదని కోపం తెచ్చుకుంటాం, వాళ్లకేమో తప్పెక్కడుందో అర్థం కాదు. అలాగే ‘బ్లాక్ కాఫీ’ అంటే చాలాచోట్ల కోపీ ఓ చేస్తారు, అందులో చక్కెర ఉంటుంది. ‘పాలు కొంచెం ఎక్కువ’ అని అడగడం మన అలవాటు. ఉత్త కోపీకి ఆ మాట చెబితే పాలతో పాటు తీపి కూడా పెరుగుతుంది.

పాలు కావాలి, చక్కెర వద్దు అనుకునేవాళ్లకి సరైన మాట ‘కోపీ సీ కోసోంగ్’. కోసోంగ్ అంటే మలయ్‌లో ఖాళీ, సున్నా. పాలూ వద్దు, చక్కెరా వద్దు అంటే ‘కోపీ ఓ కోసోంగ్’. ‘కోపీ కోసోంగ్’ అని మాత్రం అనకండి. పాల సంగతి చెప్పకుండా తీపి వద్దంటే ఒక్కో కౌంటర్‌లో ఒక్కోలా అర్థం చేసుకుంటారు. ఒకరు నల్ల కాఫీ ఇస్తారు, ఇంకొకరు ఏ పాలని తిరిగి అడుగుతారు. ఓ గానీ సీ గానీ ముందు చెప్పేస్తే ఆ గొడవే ఉండదు. షుగర్ మందులు వాడేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. కోసోంగ్ అంటే విడిగా చక్కెర వేయలేదని మాత్రమే. పాలలో సహజంగా ఉండే చక్కెర ఎటూ ఉంటుంది. ఈ కాఫీ గింజల్ని సంప్రదాయంగా చక్కెర, మార్జరిన్ లేదా వెన్న వేసి మాడుస్తూ వేయిస్తారు కూడా.

తీపి తగ్గించడానికి మాట ‘సియూ దాయ్’. కోపీకి చెబితే కండెన్స్‌డ్ మిల్క్ తగ్గిస్తారు, ఓకీ సీకీ చెబితే చక్కెర తగ్గిస్తారు. ఎంత తగ్గుతుందన్నది చేసే చెయ్యిని బట్టి ఉంటుంది, రెండు కౌంటర్లలో ఒకేలా ఉండదు. ఇది ఈ పద్ధతిలో నిజమైన లోటు. సగం, పావు అని కొలత చెప్పడానికి స్థిరపడ్డ మాట లేదు. ఖచ్చితంగా కావాలంటే కోసోంగ్ తీసుకుని చక్కెర విడిగా అడిగి కలుపుకోవడమే దారి.

చిక్కదనం గురించి మనవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. పొడవాటి గుడ్డ సంచిలో కాఫీ పొడి వేసి తీసిన చిక్కటి డికాషన్ ఒక కూజాలో సిద్ధంగా ఉంటుంది. గ్లాసులో పాలు, డికాషన్, ఆపైన వేడినీళ్లు. మన ఫిల్టర్ కాఫీకి పాలు ఎక్కువ తక్కువలతో స్ట్రాంగ్, లైట్ తేలుతుంది. ఇక్కడ నీళ్లతో తేలుతుంది. ‘గావ్’ అంటే డికాషన్ ఎక్కువ, నీళ్లు తక్కువ. ‘పో’ అంటే పల్చగా. నీళ్లే కలపని డికాషన్ కావాలంటే ‘దీ లో’. అది రోబస్టా గింజల కాఫీ, గట్టిగా కొడుతుంది, సాయంత్రం తాగితే నిద్ర దూరమవుతుంది. మన ఫిల్టర్ కాఫీకి అలవాటుపడ్డ నాలుకకి దగ్గరగా వచ్చేది ‘కోపీ సీ గావ్ సియూ దాయ్’. అచ్చం అదే రుచి ఆశించకండి, మాడు వాసన కొద్దిగా ఉంటుంది. అసలు ఫిల్టర్ కాఫీయే కావాలంటే సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్ లాంటి శాకాహార హోటళ్లకి వెళ్లాలి. అక్కడ ఈ మాటలతో పని లేదు.

మాటల వరస ఇలా వాడితే తేడా రాదు: మొదట పాలు, తర్వాత చిక్కదనం, తర్వాత తీపి, చివర ఐసు. ఐసుకి మాట ‘పెంగ్’. ‘కోపీ సీ గావ్ కోసోంగ్ పెంగ్’ అంటే ఎవాపొరేటెడ్ పాలు, చిక్కగా, చక్కెర లేకుండా, ఐసు వేసి. పెంగ్ తీసుకునేవాళ్లు గావ్ కూడా చెప్పడం మంచిది. ఐసు కరిగేకొద్దీ కాఫీ పల్చబడి సగం గ్లాసయ్యేసరికి నీళ్లలా అవుతుంది. పెంగ్‌కి ధర వేడిదానికంటే కాస్త ఎక్కువ.

పలకడంలో మనవాళ్లు ఎక్కువగా జారేది ‘సీ’, ‘సియూ దాయ్’ పక్కపక్కన వచ్చినప్పుడు. గబగబా ‘కోపీసియూదాయ్’ అనేస్తే అవతల వినిపించేది కోపీ సియూ దాయ్. అప్పుడు కండెన్స్‌డ్ మిల్క్ తగ్గించిన ఉత్త కోపీ వస్తుంది. సీని సాగదీసి, ఒక్క క్షణం ఆగి తర్వాతి మాట అందుకోవాలి. ఓ, పో కూడా అలాగే కలిసిపోతాయి. తేడా వచ్చిందేమో కలపకముందే చూసుకోవచ్చు. గాజు గ్లాసు అడుగున తెల్లగా మందంగా పొర కనిపిస్తే అది కండెన్స్‌డ్ మిల్క్. అది చూశాక తాగి నిర్ధారించుకోవాల్సిన పని లేదు, అక్కడే చెప్పి మార్పించుకోండి. మర్యాదగా ‘అంకుల్’, ‘ఆంటీ’ అని పిలిచి చెబితే చాలామంది మారుస్తారు. తమిళ కౌంటర్లో ‘అణ్ణే’, ‘అక్కా’.

ఇక పార్సిల్. మన ఊళ్లో ఇడ్లీ దగ్గర్నుంచి బిర్యానీ వరకు ‘పార్సిల్’ అంటే చాలు. సింగపూర్‌లో భారతీయుల కౌంటర్ల దగ్గర ఆ మాట చక్కగా నడుస్తుంది. చైనీయుల కౌంటర్ దగ్గర మాత్రం అది పోస్టులో వచ్చే పెట్టె. అమెరికా నుంచి వచ్చినవాళ్లు ‘టు గో’ అంటారు, అదీ తడుముకునేలా చేస్తుంది. అందరికీ అర్థమయ్యేవి ‘టేకవే’, ‘తాపావ్’. తాపావ్‌నే కొందరు దాబావ్ అంటారు. మలయ్ కౌంటర్ దగ్గర ‘బుంగ్‌కుస్’. వాళ్లే ముందుగా ‘హ్యావింగ్ హియర్?’ అని అడిగితే, ఇక్కడే తాగుతారా అని అర్థం. కాఫీ ఉందా అని అడిగారనుకుని యెస్ అనేస్తే గ్లాసులో పోసి చేతికిస్తారు.

తాపావ్ ముందే చెప్పాలి, చివర్న కాదు. కాఫీ చేయడం అరనిమిషం పని. మనం మార్పులన్నీ చెప్పి డబ్బులు తీసేలోపు గ్లాసులో పడిపోతుంది. దాన్ని మళ్లీ కప్పులోకి వంపితే అడుగున పాలు గ్లాసులోనే మిగిలిపోతాయి. కప్పుకి, డబ్బాకి కొన్ని చోట్ల విడిగా కొద్దిపాటి డబ్బు తీసుకుంటారు, అది మామూలే.

నలుగురికి ఎలా చెప్పాలో చూద్దాం. నాన్నగారికి పాలతో, చక్కెర లేకుండా. అమ్మకి స్ట్రాంగ్‌గా, తీపి తక్కువగా. ఈ రెండూ ఇంటికి. అబ్బాయికి పాలు లేకుండా తీపి తక్కువ ఐసు కాఫీ, కోడలికి పాల టీ. ఈ రెండూ అక్కడే. ఇలా చెప్పాలి: ‘అంకుల్, తాపావ్ టూ. వన్ కోపీ సీ కోసోంగ్, వన్ కోపీ సీ గావ్ సియూ దాయ్.’ ఆయన తలూపాక, ‘హ్యావింగ్ హియర్ టూ. వన్ కోపీ ఓ సియూ దాయ్ పెంగ్, వన్ తే సీ.’ టీకి తే అంటారు, మిగతా మాటలన్నీ అవే. మనిషి వారీగా చెబితే ఏది కప్పులో, ఏది గ్లాసులో అన్నది కలగాపులగమవుతుంది. ఇంటికి తీసుకెళ్లే రెండు కప్పులూ మూతేశాక ఒకేలా ఉంటాయి కాబట్టి కోసోంగ్ ఏదో అక్కడే అడిగి, ఆ మూత మీద గుర్తు పెట్టించుకోండి. నాన్నగారి చేతికి వెళ్లాల్సింది అదే.

వంతెన దాటి మలేషియా వెళ్తే ఓ, కోసోంగ్ పనికొస్తాయి కానీ భారతీయ ముస్లింలు నడిపే మామక్ హోటళ్లలో మిగతావి మలయ్‌లోకి మారతాయి. తీపి తక్కువకి ‘కురాంగ్ మానిస్’, ఐసుకి ‘ఐస్’, పార్సిల్‌కి ‘బుంగ్‌కుస్’. పానీయాన్ని ప్లాస్టిక్ సంచిలో పోసి ఇస్తారు. ‘ఇకాత్ తెపి’ అంటే సంచి మూతిని ఒక పక్కకి కట్టి, ఇంకో పక్క స్ట్రా దూరేలా వదులుతారు. నడుస్తూ తాగడానికి బాగుంటుంది. ఇంటికి తీసుకెళ్లేదైతే ఆ మాట చెప్పకండి, కారులో ఒలికిపోతుంది.

తినేవాటిలోనూ కోసోంగ్ వస్తుంది. మన పరోటానే అక్కడ ప్రాటా అంటారు. ‘ప్రాటా కోసోంగ్’ అంటే లోపల ఏమీ పెట్టని ఉత్త ప్రాటా, అంటే గుడ్డు లేనిది. మలేషియాలో దాన్నే రోటీ కోసోంగ్ అంటారు. శాకాహారులు ప్రాటాతో ఆగకుండా కూర సంగతీ అడగాలి. చాలాచోట్ల అడగకపోతే చేపల పులుసు పోస్తారు. ‘పప్పు పోయండి’ అంటే సరిపోయిందనుకోకూడదు. భారతీయ ముస్లిం హోటళ్లలో కొన్నిచోట్ల ఆ పప్పు దాల్చా, అందులో మటన్ ఉంటుంది. ‘మీట్ ఉందా’ అని విడిగా అడగాలి, లేకపోతే చక్కెర అడిగి తినాలి. కాఫీతో పాటు అమ్మే కాయా టోస్ట్ కూడా శాకాహారమని పొరబడే వస్తువే. టోస్ట్‌కి రాసే ఆ కాయా జామ్‌లో కొబ్బరిపాలతో పాటు గుడ్డు ఉంటుంది. ‘నో కాయా, బటర్ అండ్ షుగర్’ అంటే చాలా కౌంటర్లు చేసిస్తాయి.

ప్రాటా తాపావ్ చేయిస్తే కూర విడిగా సంచిలో కట్టించండి. వేడి ప్రాటాని కాగితంలో గట్టిగా మడిస్తే ఆవిరికి పది నిమిషాల్లో మెత్తబడిపోతుంది. మడవకుండా చుట్టమని చెప్పి, ఇంటికెళ్లాక నూనె లేకుండా పెనం మీద రెండు వైపులా అరనిమిషం కాల్చుకుంటే కరకర మళ్లీ వస్తుంది.