కూడికను కాపాడే అంకె 6: AGGREGATE ఫార్ములాతో నా అనుభవం

పప్పుధాన్యాల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు చూసే నాకు ఎక్సెల్ అంతటిలో అత్యంత ప్రియమైనది ఒక అంకె. అది 6. దాన్ని కనిపెట్టిన వారికి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

మా స్టాకు షీటులో సరుకు పేరు రాస్తే ధర ధరల పట్టికలోంచి VLOOKUP ద్వారా దానంతటదే వస్తుంది. కొత్త సరుకు దిగిన రోజున దాని పేరు ఇంకా పట్టికలో ఉండదు కనుక ధర గడిలో #N/A పడుతుంది, పక్కన విలువ గడిలోనూ అదే. అక్కడితో ఆగితే ఫరవాలేదు. కింద SUM పెట్టిన గడి కూడా #N/A అంటుంది. నాలుగు వందల వరుసల్లో ఒక్కటి తప్పితే చాలు, సాయంత్రం యజమాని అడిగే మొత్తం చెప్పలేని పరిస్థితి. ఆ బాధ తీర్చింది ఇది:

```
=AGGREGATE(9,6,E2:E400)
```

9 అంటే కూడిక. కామా కొట్టగానే తెరమీద ఒక జాబితా జారుతుంది, అందులో 6 దగ్గర Ignore error values అని ఉంటుంది. దోషమున్న గడులను దాటేసి మిగిలినవి కూడుతుంది. 6 బదులు 7 ఇస్తే దోషాలతో పాటు దాచిన వరుసలనూ వదిలేస్తుంది. ఒక్క వ్యాపారి సరుకు మాత్రమే ఫిల్టర్ చేసి చూసేటప్పుడు నేను అదే వాడతాను. ఎక్సెల్ 2010 నుంచీ ఉన్న సదుపాయమే ఇది. అంతకు ముందు SUM లోపల IFERROR పెట్టి, కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్ మూడూ కలిపి నొక్కేవాళ్లం. ఎవరైనా ఆ గడిని తెరిచి ఉత్త ఎంటర్ నొక్కితే లెక్క చెడిపోయేది.

ఇంతగా మెచ్చుకున్నాక మా రెండో గోదాములో జరిగింది కూడా చెప్పాలి. అక్కడి కుర్రాడు నా షీటు నకలు తీసుకుని వాడుతున్నాడు. ఒక లోడులో ఐదు సరుకులు వచ్చాయి. నాలుగింటి విలువలు 1,200, 850, 2,400, 640. ఐదోది మినప్పప్పు, 20 కిలోలు, కిలో 130. మొత్తం గడిలో 5,090 అని చక్కగా వచ్చింది. రావలసింది 7,690. ధరల పట్టికలో మినప్పప్పు ఉంది, ధరా ఉంది, కానీ ఆ పేరు చివర ఎవరో ఒక ఖాళీ వదిలారు. కంటికి రెండు పేర్లూ ఒకటే. VLOOKUPకి మాత్రం అవి వేర్వేరు. ఆ పేరు గడిని తెరిచి చూస్తే కర్సరు చివరి అక్షరాన్ని ఆనుకోకుండా ఒక ఖాళీ అవతల నిలబడి ఉంటుంది, గుర్తుపట్టడం అలాగే. SUM అయితే వెంటనే గోల చేసేది. AGGREGATE మౌనంగా 2,600 మింగేసింది. బస్తాలు లెక్కపెట్టినప్పుడు గానీ తేడా బయటపడలేదు.

పట్టికలో పేర్లను TRIMతో శుభ్రం చేయడం ఒక పని. అంతకంటే ముఖ్యమైనది, మొత్తానికి ఆనుకుని ఉన్న గడిలో దోషాల లెక్క పెట్టడం:

```
=SUMPRODUCT(--ISERROR(E2:E400))
```

ఇది 0 అయితే మొత్తం పూర్తిది. 1 అయినా సరే, పైన కనిపిస్తున్నది తాత్కాలికమని అర్థం. సున్నా కానప్పుడు గడి ఎర్రబడేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టాను. ఈ రెండో గడి లేకుండా మొదటి ఫార్ములాను ఇప్పుడు ఎవరికీ ఇవ్వను.

ఇంకో పరిమితి ఉంది. విలువల నిలువు వరుస విడిగా లేకుండా, పరిమాణాన్ని ధరతో అక్కడికక్కడే గుణించి కూడదామని 9 తర్వాత C2:C400*D2:D400 ఇస్తే పని జరగదు, #VALUE! వస్తుంది. కూడికకు అసలు గడుల పరిధే కావాలి. గూగుల్ షీట్స్‌లో ఈ ఫార్ములా లేదు. ఫోనులో చూసుకునే యజమాని కోసం అక్కడ ఇది పెట్టాను:

```
=SUMIF(E2:E400,"<9.99E+307")
```

ఆ పెద్ద అంకె కంటే చిన్నవైన సంఖ్యలన్నీ, అంటే మన లెక్కల్లో ఉండగలిగినవన్నీ, కూడతాయి. దోషాలు ఆ షరతుకు అందవు. చూడటానికి వింతగా ఉంటుంది, పని మాత్రం నిలకడగా చేస్తుంది.

మా కొట్టులో ధరలు రోజూ మారతాయి, పట్టిక ఎప్పుడూ కాస్త వెనకబడే ఉంటుంది. సాయంత్రానికి దాదాపు సరైన అంకె దొరకడమే నాకు ముఖ్యం కాబట్టి నా షీటులో 6ను తీసే ప్రసక్తి లేదు. జీఎస్టీ రిటర్నుకు వెళ్లే షీటులో మాత్రం పాత SUMనే ఉంచాను. అక్కడ #N/A కనిపిస్తే ఆ గడి సరిచేశాకే ముందుకు కదులుతాను.