ఇటాలియన్ ఎ1 కోర్సు కొనేవారికి జాగ్రత్త: ఒత్తులు లేని నోట్సుకు 6,500 రూపాయలు పోశాను

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక కరపత్రం చేతికి వచ్చింది. ‘తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అన్నారు. కాబట్టి తెలుగువారికి 30 రోజుల్లో ఎ1 సర్టిఫికెట్ ఖాయం’ అని దాని మీద పెద్ద అక్షరాల్లో ఉంది. ఎ1 అంటే భాష నేర్చుకోవడంలో మొట్టమొదటి స్థాయి. పై చదువుకు ఇటలీ వెళ్లాలనుకుంటున్నాను కాబట్టి మరో ఆలోచన లేకుండా 6,500 రూపాయలు కట్టాను. వీడియో పాఠాలు, 90 పేజీల నోట్సు, చివర్లో సర్టిఫికెట్, ఇదీ వారు అమ్మే సరుకు. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి నోట్సే వేరే పేర్లతోనూ మీ చేతికి రావచ్చు. అందుకే అందులో తప్పు ఎక్కడుందో, కొనేముందు దాన్ని ఎలా పట్టుకోవాలో వివరంగా చెబుతాను.

నోట్సులో ఒక వైపు ఇటాలియన్ మాట, పక్కన తెలుగు లిపిలో ఉచ్చారణ ఉంటాయి. చూడడానికి ముచ్చటగానే ఉంది. మూడు వారాలు బట్టీ పట్టాను. తర్వాత ఫ్లారెన్స్‌లో ఉంటున్న మా పెద్దమ్మ కూతురికి ఫోను చేసి, నన్ను నేను పరిచయం చేసుకుంటాను, విను అక్కా అన్నాను. ‘నా వయసు 22 ఏళ్లు’ అనడానికి నోట్సులో ఉన్నట్టే ‘ఓ వెంటిడ్యూ ఆని’ అన్నాను. అక్క వెంటనే ఆపింది. ‘ఒత్తు ఎక్కడికి పోయింది? అది అన్ని. మన తెలుగులో అన్నీ కావాలి అనేటప్పటి అన్ని లాగానే పలుకు. ఒత్తు తీసేస్తే అది పరీక్ష గదిలో అనకూడని మాట అవుతుంది’ అంది. ఏళ్లు అనే మాటలోంచి ఒక నకారం జారితే శరీరంలో ఒక భాగం పేరు వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. సరైన వాక్యం ‘ఓ వెంతిదూఎ అన్ని’. ఇటాలియన్లు వయసును ‘నాకు ఇన్నేళ్లు ఉన్నాయి’ అన్నట్టు చెబుతారు. ‘ఓ’ అంటే నాకు ఉంది అని. రాతలో దాని ముందు హెచ్ ఉంటుంది కానీ పలకరు.

ఆ రాత్రి నోట్సు మొదటి పేజీ నుంచి మళ్లీ చూశాను. దాహం అనే మాటకూ ఏడు అనే మాటకూ ఒకటే ఉచ్చారణ ఇచ్చారు, ‘సెటె’ అని. పెన్నుకూ బాధకూ ‘పెన’. తాతకూ తొమ్మిదవ అనే మాటకూ ‘నొనొ’. వీడియోలో దీనికి ఇచ్చిన కారణం ఇంకా బాధ కలిగించింది. ‘ఇంగ్లిష్‌లో హ్యాపీ అనే మాటలో రెండు పి లు రాసినా ఒకటే పలుకుతాం కదా, ఇక్కడా అంతే’ అన్నారు. అది పూర్తిగా తప్పు. ఇంగ్లిష్‌లో ఆ రెండో అక్షరం రాతకే పరిమితం. ఇటాలియన్‌లో దాన్ని పలికి తీరాలి. అది ఉందా లేదా అన్నదాన్ని బట్టి అర్థమే మారిపోతుంది.

తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. గడి వేరు, గడ్డి వేరు. కల వేరు, కల్ల వేరు. మడి వేరు, మడ్డి వేరు. ఒత్తు వినడం మనకు పసితనం నుంచే అలవాటు. పైగా ఎ, ఏ, ఒ, ఓ అనే తేడాలు మన లిపిలోనే ఉన్నాయి. ఇటాలియన్‌లో ఊనిక పడిన అచ్చు, అంటే మాటలో నొక్కి పలికే అచ్చు, దాని తర్వాత ఒంటి హల్లే ఉండి ఇంకో అచ్చు వస్తే, కాస్త సాగుతుంది. జంట హల్లు వస్తే కురచ అవుతుంది. ఈ రెండు తేడాలనూ కలిపి చూపించగల లిపి చేతిలో ఉండి కూడా ఆ నోట్సు రాసినవారు వాటిని వదిలేశారు. దాహం ‘సేతె’, ఏడు ‘సెత్తె’. బాధ ‘పేన’, పెన్ను ‘పెన్న’. తొమ్మిదవ ‘నోనొ’, తాత ‘నొన్నొ’. మట్టి ఎత్తే పార ‘పాల’, బంతి ‘పల్ల’. ఇలా రాసి ఉంటే ఒక్క పూటలో పట్టుబడేది. త కు బదులు ట రాయడం మరో పొరపాటు. ఇటాలియన్ త మన త లాగే నాలుక పళ్లకు తగిలి వస్తుంది.

పరీక్షలో దీని వల్ల నష్టం ఎక్కడ జరుగుతుందో ఒక్క వాక్యంతో చూపిస్తాను. ‘ఓ సేతె’ అంటే నాకు దాహంగా ఉంది. ‘ఓ సెత్తె’ అని మొదలైతే నా దగ్గర ఏడు ఉన్నాయి అని, ఆ తర్వాత ఏవో రావాలి. వినికిడి భాగంలో వచ్చేవి ఎక్కువగా ఇలాంటి చిన్న మాటలే, అంటే వయసు, ధర, సమయం వంటివి. మూడు వారాలు ‘సెటె’ అని విన్న చెవి రెండింటినీ ఒకే గాటన కడుతుంది. రాత భాగంలో అయితే ఒక అక్షరం తగ్గిన మాట నేరుగా తప్పు కింద పడుతుంది. వెంట్రుక ‘కపెల్లొ’, టోపీ ‘కప్పెల్లొ’. చెవికి ఒత్తు తెలిస్తే చేయి దానంతట అదే రెండు పి లు రాస్తుంది.

అక్క నాకు చెప్పిన సాధన సులువైనది. మాటను విరిచి పలకాలి, పా-ల, పల్-ల అని. రెండోదాంట్లో ‘పల్’ దగ్గర నాలుక క్షణం సేపు అక్కడే నిలవాలి. జంట మాటలు పది ఫోనులో రికార్డు చేసి, మర్నాడు కాగితం చూడకుండా విని రాసుకోవాలి. నా గొంతు నాకే తేడాగా వినబడకపోతే పరీక్షకుడికీ వినబడదు. అయితే మన లిపి ఉచ్చారణకు మాత్రమే ఆసరా. పిత్సలో ఉన్న ‘త్స’ లాంటి ధ్వనులకు అది సరిగ్గా సరిపోదు. ఇటాలియన్ రాతను విడిగా నేర్చుకోవలసిందే. ఉత్తర ఇటలీ వారి మాటల్లో ఒత్తులు కొంత పలచగా ఉంటాయని కూడా అక్క అంది. అందుచేత అక్కడివారి వీడియోలతో చెవిని తయారు చేసుకోవద్దు.

ఇంకొకటి త్వరగా చెప్పేస్తాను. మనం ఫోనులో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసేటప్పుడు సి, హెచ్ కలిపితే చ. ఇటాలియన్‌లో ఇ, ఎ ల ముందు ఆ రెండూ కలిస్తే క. ‘నా పేరు’ అనే వాక్యం ‘మి క్యామొ’. నోట్సులో ‘మి చియామో’ అని అచ్చు వేశారు. నోరు తెరిచి చెప్పే మొదటి వాక్యమే తప్పు అన్నమాట.

ఇక క్రియల పేజీలు. చివర వచ్చే ఆరె, ఎరె, ఇరెలను బట్టి క్రియలు మూడు జట్లు. మొదటి రెండు జట్లు బాగానే ఇచ్చారు. మూడో జట్టుకు ‘నిద్రపోవు’ అనే ‘దొర్మీరె’ను నమూనాగా చూపి, మిగిలినవన్నీ ఇలాగే అని వదిలేశారు. దాని ప్రకారం ‘అర్థం చేసుకొను’ అనే ‘కపీరె’కు నేను అనే రూపం ‘కాపొ’ అవుతుంది. నేను అదే నేర్చుకున్నాను. అక్కతో మాట్లాడుతూ నాకు అర్థం కాలేదు అనడానికి ‘నొన్ కాపొ’ అన్నాను. కాపొ అంటే తల, లేదా పై అధికారి. నేను అన్నది ఏ అర్థమూ లేని మాట. ప్రశ్న అర్థం కానప్పుడు మౌఖిక పరీక్షలో మనల్ని ఆదుకునే వాక్యమే అది. దాన్నే తప్పుగా నేర్పారు.

నిజానికి మూడో జట్టులో రెండు తీరులు ఉన్నాయి. ఒక తీరు దొర్మీరెది. రెండో తీరులో మేము, మీరు అనే రూపాల్లో తప్ప మధ్యలో ‘ఇస్క్’ చేరుతుంది. ఇ, ఎ ల ముందు అది ‘ఇశ్శ్’ అని పలుకుతుంది. కపీరె, ముగించు అనే ఫినీరె, శుభ్రం చేయు అనే పులీరె, ఎక్కువ ఇష్టపడు అనే ప్రెఫెరీరె ఈ రెండో తీరువే. ఏది ఏ తీరో చాలావరకు రాతలోనే తెలుస్తుంది. చివరి ఇరె తీసేయండి. మిగిలిన ముక్క చివర రెండు హల్లులు కలిసి ఉంటే, ‘దొర్మ్’, ‘పర్త్’ లాగా, సాధారణంగా ఇస్క్ రాదు. అచ్చు తర్వాత ఒకే హల్లు ఉంటే, ‘కప్’, ‘ఫిన్’ లాగా, సాధారణంగా వస్తుంది. మినహాయింపులు ఉన్నాయి. ‘కుట్టు’ అనే కుచీరెకు ఇస్క్ రాదు. కాబట్టి ప్రతి క్రియనూ నేను అనే రూపంతో కలిపి గుర్తుపెట్టుకోవడమే మంచిది.

ఊనిక గురించి నోట్సులో ఒక్క మాట లేదు. ‘నివసిస్తాను’ అంటే ‘ఆబితొ’. ‘వారు నివసిస్తారు’ అంటే ‘ఆబితనొ’, ఊనిక మొదటి అక్షరం మీదే నిలుస్తుంది. వీడియోలో మాత్రం ‘అబితానొ’ అని మధ్యలో సాగదీశారు.

సర్టిఫికెట్ సంగతి కూడా వినండి. చివర్లో వారు ఇచ్చింది తమ సొంత ముద్ర వేసిన కాగితం. గుర్తింపు ఉన్న ఎ1 పరీక్షలు వేరు. సియెనలోని విదేశీయుల విశ్వవిద్యాలయం వారిది చిల్స్, పెరూజాలోని విదేశీయుల విశ్వవిద్యాలయం వారిది చేలి, దాంతె అలిగియేరి సొసైటీ వారిది ప్లీద. రోమాత్రే విశ్వవిద్యాలయం కూడా ఇటాలియన్ భాషా పరీక్షలు పెడుతుంది. కోర్సు ఎవరిదైనా సరే, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేది వీరే. డబ్బు కట్టేముందు ‘సర్టిఫికెట్ మీద ఎవరి పేరు ఉంటుంది’ అని నేను అడగలేదు. మీరు అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

డబ్బు వెనక్కి అడిగితే, నోట్సు ఒకసారి తెరిచాక ఇవ్వబోమన్నారు. కరపత్రం ఫొటో, తప్పుల పేజీలు జతచేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 ద్వారా ఫిర్యాదు చేశాను. ఇంకా జవాబు రాలేదు.

కొనాలనుకుంటున్నవారు అమ్మేవారిని నోట్సులో రెండు పేజీలే చూపించమనండి. ఒకటి ఏడు, దాహం అనే మాటలున్న పేజీ. రెండోది కపీరె ఉన్న పేజీ. చూపించడానికి వెనుకాడినా, రెండు మాటలకూ ఒకే ఉచ్చారణ ఉన్నా డబ్బు కట్టకండి. ఇప్పటికే కొన్నవారు ఆ క్రియ పట్టికను కొట్టేసి, పక్కన ఇలా రాసుకోండి. నేను కపిస్కొ, నువ్వు కపిశ్శి, అతను లేదా ఆమె కపిశ్శె, మేము కప్యామొ, మీరందరూ కపీతె, వారు కపిస్కొనొ. చివరిదాంట్లో ఊనిక ‘పిస్’ మీద పడాలి. పరీక్షకుడిని గౌరవంగా మీరు అని సంబోధించేటప్పుడు మాత్రం కపీతె వాడకండి. అక్కడ ఆమె అనే రూపమే గౌరవ రూపం, అంటే కపిశ్శె.