స్లోలో లైట్లు డల్ అయ్యే కారుకి ఎర్త్ పట్టీ మార్చి రెండేళ్లు వాడాక నా అనుభవం

మాది రాజోలు దగ్గర, సముద్రం గాలి కొట్టే ఊరండి. కారు పాత డీజిల్‌ది. రాత్రిపూట రావులపాలెం సెంటర్లో ఆగితే చాలు హెడ్‌లైట్లు పసుపు తిరిగిపోయేవి, కాస్త రేజ్ చేస్తే మళ్లీ తెల్లగా వచ్చేసేవి. షెడ్డులో బ్యాటరీ మార్చారు, నెల తిరక్కుండా మళ్లీ అదే కథ, ఈసారి డైనమో, అదే ఆల్టర్నేటర్, మార్చాలన్నారు. మోటార్లు రిపేరు చేసే మా బాబాయ్‌కి చెప్తే "ఆగరా అబ్బాయ్, ముందు మీటరెట్టి చూడు, వోల్టేజి ఎక్కడ తగ్గిపోతుందో అదే చెప్తాది" అన్నాడు.

నాలుగొందలు పెట్టి డిజిటల్ మీటరు కొన్నా. ఇంజను స్లోలో ఉంచి, లైట్లూ ఏసీ ఫ్యానూ వేసి, ఆల్టర్నేటర్ లావు వైరు బోల్టుకీ దాని బాడీకీ మధ్య చూస్తే 13.6 వోల్టులు ఉంది, అదే టైంలో బ్యాటరీ పోస్టుల మీద 12.5 మాత్రమే. అంటే డైనమో ఇస్తోంది, బ్యాటరీ దాకా రావట్లేదు! తర్వాత మీటరు ఒక పుల్ల బ్యాటరీ నెగెటివ్ పోస్టుకి, రెండోది ఇంజను దిమ్మకి పెట్టా. ఎర్త్ బాగుంటే అక్కడ 0.1, మహా అయితే 0.2 రావాలి, నాకు 0.9 వచ్చింది. పాజిటివ్ వైపు 0.2 పోతోంది, అది పర్లేదు. హాలోజన్ బల్బుకి వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది, అందుకే అంత తేడాగా కనపడేది.

నెగెటివ్ క్లాంపు ముందు తీసేసి (బిగించేటప్పుడు అదే ఆఖర్న పెట్టాలి) గేర్ బాక్సు దగ్గర, ఇంజనుని బ్యాటరీ నెగెటివ్ వైపుకి కలిపే ఎర్త్ పట్టీ విప్పితే, అల్లిక తీగల్లో సగం పచ్చటి చిలుము పట్టి, చేత్తో నలిపితే పొడిపొడిగా రాలిపోయాయి. పైనుంచి చూస్తే బోల్టు గట్టిగానే ఉంది మరి! కొత్త పట్టీ వేశా, బోల్టు కూర్చునే చోట ఎమ్రీ పేపరుతో మెరిసేదాకా గీకా, బిగించాకే పైన వేజలీన్ రాశా. తర్వాత ఎర్త్ దగ్గర 0.06, బ్యాటరీ మీద స్లోలో 13.4. కుడి లైటు ఇంకా కొంచెం డల్‌గా ఉంటే ఆ లైటు వెనక ఎర్త్ బోల్టు కింద తుప్పు దొరికింది, అదీ గీకాక రెండూ సమానమయ్యాయి.

రెండు వానాకాలాలు గడిచాయి. మొదటి ఏడాది 0.12కి పెరిగితే విప్పి శుభ్రం చేశా, ఇప్పుడు 0.08 దగ్గరే ఉంది. మా ఉప్పు గాలికి ఏడాదికోసారి చూడక తప్పదండి.

ఇదే పద్ధతిలో పక్కింటాయన కారు చూశాం, ఎర్త్‌లన్నీ బాగున్నాయి, బెల్టూ జారట్లేదు, కానీ స్లోలో ఆల్టర్నేటర్ దగ్గరే 12.4 ఉంది, రేజ్ చేసినా పెద్దగా పెరగలేదు. దానికి పట్టీ మారిస్తే ఏం లాభం, విప్పిస్తే లోపల బ్రష్‌లు అరిగిపోయి ఉన్నాయి.