ముందే నిల్వ చేయడమా, మూడో షిఫ్టు నడపడమా?

భీమవరం పక్కన రొయ్యల మేత తయారుచేసే ఒక మధ్యతరహా మిల్లు ఉందనుకుందాం. రెండు షిఫ్టుల్లో నెలకు 4,000 టన్నులు తీయగలదు. మార్చిలో 3,000, ఏప్రిల్, మే నెలల్లో 4,500 చొప్పున, జూన్‌లో 4,000 టన్నులు పోతాయని అమ్మకాల విభాగం అంచనా. అంటే మార్చిలో వెయ్యి టన్నుల సామర్థ్యం ఖాళీ, తర్వాతి రెండు నెలల్లో సరిగ్గా అంతే కొరత. ఆ వెయ్యి టన్నులు మార్చిలోనే చేసి గోదాములో పెట్టాలా, ఎండాకాలంలో మూడో షిఫ్టు నడిపి తీయాలా?

సోమవారం సమీక్షలో ఇది తేలదు. అక్కడ రేపు బయలుదేరాల్సిన లారీల గొడవకే సమయం చాలదు. దీన్ని తేల్చేది నెలకొకసారి, ఫిబ్రవరి చివరి వారంలో జరిగే అమ్మకాలు–ఉత్పత్తి ప్రణాళిక సమావేశం. మిల్లులో దాన్ని ఎస్ అండ్ ఓపీ అంటారు. ఎండీ అధ్యక్షత వహిస్తారు. అమ్మకాలు, ఉత్పత్తి, కొనుగోళ్లు, నాణ్యత, ఆర్థిక విభాగాల అధిపతులు, గోదాము బాధ్యుడు కూర్చుంటారు. నడుస్తున్న నెల జోలికి పోరు. రాబోయే నాలుగైదు నెలలనే చూస్తారు, అదీ బస్తాల్లో కాదు, మేత రకాల వారీగా టన్నుల్లో. అమ్మకాల అంకె, సామర్థ్యం అంకె అంతకుముందే రెండు చిన్న సమావేశాల్లో ఖరారు కావాలి. ఎండీ ముందు కొత్త అంకె తీస్తే ఆ రోజు మిగిలేది వాదనే.

మొదటి దారి, నిల్వ. మేతకు టన్నుకు 70,000 రూపాయల ఖర్చు, నెలకు ఒక శాతం వడ్డీ వేసుకుంటే, మార్చిలో పెరుగుతూ మే చివరికి కరిగే ఈ నిల్వపై దాదాపు పదిన్నర లక్షలు పడుతుంది. రెండో దారి, మూడో షిఫ్టు. రాత్రి కూలి, అదనపు కరెంటు, మరమ్మతు కలిపి టన్నుకు 1,500 అనుకుంటే వెయ్యి టన్నులకు 15 లక్షలు. కాగితం మీద నిల్వే గెలిచింది. ఆర్థిక విభాగం అధిపతి ఇక్కడే ఫైలు మూసేయాలని చూస్తారు.

కానీ ఈ లెక్క ఏప్రిల్ అంచనా నిజమవుతుందన్న నమ్మకం మీద నిలబడింది. తెల్లమచ్చల వ్యాధి రావచ్చు, ధర పడవచ్చు. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల ప్రకటన రాగానే రొయ్య ధర ఎలా జారిందో ఈ డెల్టాలో ఎవరినడిగినా చెబుతారు. ఏప్రిల్, మేలలో పది శాతం తగ్గినా, వెయ్యిలో 900 టన్నులు మే చివరికి అలాగే ఉంటాయి. అంటే ఆరు కోట్ల పైచిలుకు. మేత నిల్వ కాలం సుమారు మూడు నెలలే. పాతది ముందు పంపి కాపాడుకోవచ్చు గానీ, రకం సరిపోతేనే: చిన్న పిల్లకు వేసే పొడి మేత ఎదిగిన రొయ్యకు పనికిరాదు. అప్పుడు అమ్మకాల వారు డీలర్లకు అరువు మీద అంటగట్టడం మొదలుపెడతారు. నిల్వ ఎక్కువైందనడానికి నేను ముందుగా చూసే గుర్తు ఇదే.

మూడో షిఫ్టుకూ లోపాలున్నాయి. మనుషులను మూడు వారాల ముందే కుదుర్చుకోవాలి. కరెంటు కోత పడితే ఆ రాత్రి వృథా.

నా ఓటు మధ్య దారికి. మార్చిలో 600 టన్నులే, అదీ ఎక్కువ రోజులు వాడే ఎదుగుదల దశ మేతే చేయాలి. ఏప్రిల్ కొరత 500 అందులోంచి పోతుంది, 100 మిగులుతుంది. మే నెలకు కావలసిన మరో 400 మూడో షిఫ్టులో. వడ్డీ ఐదు లక్షలు, షిఫ్టు ఆరు లక్షలు, మొత్తం సుమారు 11. నిల్వ దారికన్నా అర లక్ష ఎక్కువ. ఆ అర లక్షతో కొంటున్నది ఒక నెల గడువు.

ఆ నెలలో ఏం తెలుస్తుంది? చెరువుల్లో ఎంత సీడ్, అంటే రొయ్య పిల్ల, పడిందో. లక్ష పిల్లలు వదిలితే 80 శాతం బతికి, 50 కౌంట్‌కు, అంటే కిలోకు 50 తూగేటప్పుడు, పట్టుబడి చేస్తే 1,600 కిలోల రొయ్య. కిలో రొయ్యకు 1.4 కిలోల మేత చొప్పున దాదాపు రెండుంపావు టన్నులు. ఇందులో ఎక్కువ భాగం రెండో నెల నుంచే. కాబట్టి ఫిబ్రవరి, మార్చిల్లో హేచరీలు అమ్మిన సీడ్ మే నెల మేత అమ్మకాన్ని ముందే చెబుతుంది. డీలర్ల ఆశల కన్నా ఈ లెక్కనే అమ్మకాల అధిపతి తేవాలి.

ఫిబ్రవరి సమావేశం నిర్ణయాల పట్టీలో రాయాల్సినవి ఇవి: మార్చి ఉత్పత్తి 3,600 టన్నులు, బాధ్యత ఉత్పత్తి అధిపతిది. దానికి తగిన సోయా, చేపల పొడి బుకింగ్ కొనుగోళ్ల అధిపతిది. మే మూడో షిఫ్టుకు మనుషుల జాబితా సిద్ధం, కానీ ఇంకా పిలవరు. మార్చి చివరి సమావేశంలో సీడ్ లెక్క ప్రకారం మే అమ్మకం 4,300 టన్నులు దాటితేనే పిలుస్తారు. దాటకపోతే ఆ చిన్న కొరతను రెండు షిఫ్టుల్లోనే సెలవు రోజులు నడిపి పూడ్చుకుంటారు.