జూదం మానడానికి మీటింగా, ఆన్‌లైన్ ఫోరమా: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఇంగ్లండ్‌లోని మిడ్‌లాండ్స్ ప్రాంతంలో ఉద్యోగం చేసుకుంటూ, ఫోన్‌లో రౌలెట్ ఆడి, రెండేళ్లలో నా జీతంతో పాటు మరికొందరి సొమ్మును కూడా పోగొట్టుకున్నవాణ్ని నేను. 2021 నవంబరులో మానే ప్రయత్నం మొదలుపెట్టాక మూడు చోట్ల చేరాను. మొదటిది గాంబ్లింగ్ థెరపీ అనే అంతర్జాతీయ ఉచిత సేవ నడిపే ఆన్‌లైన్ ఫోరం. రెండవది జూదం మానాలనుకునేవారి సంఘమైన గాంబ్లర్స్ అనానిమస్ వారి వారపు మీటింగు. మూడవది వ్యసనాలు మానాలనుకునేవారికి స్మార్ట్ రికవరీ నడిపే మీటింగు, అక్కడ కొన్ని నెలలే ఉన్నాను. మూడింటిలోనూ రుసుము లేదు, మీటింగులో మాత్రం చివర ఒక డబ్బా తిరుగుతుంది, అందులో వేయడమూ మానడమూ మన ఇష్టం. కాబట్టి ఎంచుకోవడానికి ఖర్చు ఎలాగూ కొలబద్ద కాదు. నా అనుభవంలో కొలబద్దలు రెండే: మీరు ఏ వేళలో జారిపోతారు, ఎవరి దగ్గర ఏమి దాస్తున్నారు.

సిగ్గు వల్ల మొదట ఫోరంలోనే చేరాను. అక్కడ పేరు మార్చుకోవచ్చు, ముఖం చూపించనక్కరలేదు. ప్రతి ఒక్కరూ తమ తమ దినచర్యను ఒక వరుసలో రాసుకుంటూ పోతారు, మిగిలినవారు కింద సమాధానాలు ఇస్తారు. నాకు గండమైన సమయం జీతం పడిన శుక్రవారం రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక, ఒంటిగంట ప్రాంతం. ఆ వేళలో ఏ మీటింగు గదీ తెరిచి ఉండదు కానీ ఫోరం తెరిచే ఉంటుంది. ఒకసారి అలా కూర్చుని ‘ఖాతాలో డబ్బు పడింది, చేతులు ఊరుకోవడం లేదు’ అని మొదలుపెట్టి, ఎంత పోయిందో, ఎవరికి ఏ అబద్ధం చెప్పానో రాస్తూ పోయాను. పూర్తి చేసి గడియారం చూస్తే నలభై నిమిషాలు గడిచాయి, ఆడాలన్న తహతహ కూడా తగ్గింది. మొదటి సమాధానం మర్నాడు ఉదయం ఎనిమిదింటికి వచ్చింది. అంటే ఆ రాత్రి నన్ను ఆపింది ఇతరుల ఓదార్పు కాదు, రాయడానికి పట్టిన సమయం. ఫోరంలో చేరేవారు ఈ సంగతి ముందే తెలుసుకుంటే, వెంటనే ఎవరూ పలకలేదని నిరాశపడి ఆట తెరవకుండా ఉంటారు. వెంటనే మనిషి కావాలనుకుంటే అదే సేవలో నిర్ణీత వేళల్లో జరిగే ప్రత్యక్ష బృంద చర్చలను వాడుకోవాలి.

ఫోరం లోపం నాకు 2022 మార్చిలో తెలిసింది. నూట పద్దెనిమిదో రోజున మళ్లీ ఆడాను. ఫోరంలో రాసుకునే ఆడని రోజుల లెక్కను సున్నాకు మార్చాలంటే తల కొట్టేసినట్టయింది. మార్చకుండా రాయడమంటే మళ్లీ అబద్ధమాడటమే. అందుకే అసలు తెరవడమే మానేశాను. ఇరవై మూడు రోజులు కనిపించకపోయినా నన్ను అడిగినవారు లేరు, ఇందులో వాళ్ల తప్పూ లేదు. రోజూ వందలమంది వచ్చిపోయే చోట ఒక మారుపేరు మాయమైతే ఎవరికి తెలుస్తుంది? ఆ ఇరవై మూడు రోజుల్లోనే నా అప్పు అన్నిటికన్నా వేగంగా పెరిగింది.

ఆ మే నెలలో గాంబ్లర్స్ అనానిమస్ మీటింగుకు వెళ్లాను. 1957లో లాస్ ఏంజిలిస్‌లో మొదలైన ఈ సంఘం బ్రిటన్‌లో 1960ల నుంచి నడుస్తోంది. మేము కూర్చునేది ఒక చర్చి వెనుక హాలులో, ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకుని. కొత్తగా వచ్చినవారిని ఇరవై ప్రశ్నలు అడుగుతారు. ఆడటం కోసం పని ఎగ్గొట్టారా, ఓడిన వెంటనే పోయినది రాబట్టుకోవాలని మళ్లీ వెళ్లారా, ఇలాంటివి. జూదం వ్యసనమైనవారిలో ఎక్కువమంది కనీసం ఏడింటికి అవునంటారని వారి పుస్తకం చెబుతుంది, నావి పదిహేడు అయ్యాయి. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఇంటిపేరు లేకుండా పేరు చెప్పి, చివరిసారి ఎప్పుడు ఆడారో చెప్పి, ఆ వారం గురించి మాట్లాడతారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహా ఇవ్వరు. మన వాళ్ల ఇళ్లలో ఒకరు మాట్లాడుతుంటే నలుగురు తీర్పు చెప్పే అలవాటుకు ఇది పూర్తిగా భిన్నం కనుక మొదట్లో నాకు ఇబ్బందిగానే ఉండేది. మూడో వారం వెళ్లకపోతే, పరిచయమైన ఒక పెద్దాయన మర్నాడు సాయంత్రం ఫోన్ చేసి, ‘ఆడారా, లేక ఆడాలనిపించి ఇంట్లో కూర్చున్నారా’ అని అడిగారు. రెండవదే నిజమని చెప్పాను. ఫోరానికీ గదికీ నేను చూసిన అసలు తేడా ఆ ఫోనే. రానప్పుడు ఏమవుతుందన్నది ఏ బృందం గురించైనా మొదట అడగవలసిన ప్రశ్న.

గదికి మాత్రమే చేతనైన మరో పని ఉంది. అప్పులతో నలిగిపోతున్న సభ్యుణ్ని, వీలైతే జీవిత భాగస్వామితో సహా కూర్చోబెట్టి, అనుభవమున్న ఇద్దరు ముగ్గురు సభ్యులు అతని డబ్బు వ్యవహారమంతా కాగితం మీద పెట్టిస్తారు. దీన్ని అక్కడ ప్రెషర్ రిలీఫ్ మీటింగు అంటారు. జులైలో నాది జరిగింది. పన్నులు పోను నా నెల జీతం 2,700 పౌండ్లు, అద్దె, తిండి, ప్రయాణం, పాప ఖర్చులు కలిపి 2,000. నేను పట్టుకెళ్లిన కాగితంలో కార్డుల మీద 9,000, బ్యాంకు రుణం 7,500, ఒక స్నేహితుడికి 1,500, అన్నీ కలిపి 18,000 పౌండ్ల అప్పు ఉంది. ఆ పెద్దాయన కాగితం చదివి, మడిచి, నా ముందే పెట్టి, ‘దీని మీద లేనిది ఏమిటి?’ అన్నారు. నేను మాట్లాడలేదు. పక్కనున్న మా ఆవిడ, ‘మా తమ్ముడి దగ్గర తీసుకున్నది కూడా రాయండి’ అంది. ఆమెకు ఆ సంగతి తెలుసని నాకు తెలియదు. బావమరిది దగ్గర స్థలం పేరు చెప్పి తీసుకున్న ఆరు లక్షల రూపాయలు, అంటే సుమారు 6,000 పౌండ్లు, నా లెక్కలో అప్పే కాదు, ఎప్పుడో సర్దేది. మనలో చాలామంది ఇంటివాళ్ల దగ్గర తీసుకున్నదాన్నీ, పాడిన చీటీనీ అప్పుల జాబితాలో రాయరు, ఆ ఖాళీలోంచే మళ్లీ ఆటకు డబ్బు వస్తుంది.

మొత్తం 24,000 అయింది. ఇంటి ఖర్చు ముందు తీసి, ఊహించని అవసరానికి 50 పక్కన పెట్టి, మిగిలిన 650ని అప్పు పరిమాణాన్ని బట్టి పంచారు: కార్డులకు 240, బ్యాంకుకు 205, స్నేహితుడికి 40, బావమరిదికి 165. ఎందుకిలా అంటే, జూదగాడు గట్టిగా అరిచేవాడికి ముందు కట్టి, మెత్తగా ఉన్నవాడి దగ్గర మళ్లీ తీసుకుంటాడు. దామాషా ప్రకారం కడితే ఆ దారి మూసుకుపోతుంది. కొత్త రుణం తీసి పాతవన్నీ ఒక్కసారిగా తీర్చడాన్ని వారు ససేమిరా ఒప్పుకోలేదు. భారం ఒక్కసారిగా దిగిపోతే గెలిచినట్టే అనిపిస్తుందని చెప్పారు, నా విషయంలో అది నిజమే. జీతం మా ఆవిడ ఖాతాకు వెళ్లేలా అదే రోజు మార్చాం. వడ్డీ ఆగితేనే ఈ లెక్క 37 నెలల్లో ముగుస్తుంది. రుణదాతలతో ఆ మాట మాట్లాడటం తోటి సభ్యుల పని కాదు, వారిలో ఒకరు చట్టం గురించి నాకు చెప్పినది తప్పని తర్వాత తేలింది. అందుకని స్టెప్‌చేంజ్ అనే ఉచిత రుణ సలహా సంస్థ దగ్గరికి వెళ్లి ప్రణాళిక రాయించుకున్నాం. డబ్బు ఎవరి చేతిలో ఉండాలన్నది గదిలో తేల్చుకోవచ్చు, వడ్డీ, నోటీసుల సంగతి మాత్రం ఆ పని తెలిసినవారితోనే తేల్చుకోవాలి.

గదిలో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. మానడానికి ఆ సంఘం అనుసరించే పన్నెండు మెట్లలో మనకన్నా పెద్ద శక్తి అనే మాట వస్తుంది, అది అందరికీ రుచించదు. మా గదిలో ఎక్కువమంది మగవాళ్లే, ఒక మహిళ రెండు వారాలు వచ్చి మానేశారు, మహిళలకు మాత్రమే నడిచే మీటింగులు వేరే ఉన్నాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. దైవ ప్రస్తావన గిట్టనివారికి స్మార్ట్ రికవరీ సరిపోతుంది. అక్కడ శిక్షణ పొందినవారు మీటింగు నడుపుతారు, ఆడితే లాభమేమిటి, నష్టమేమిటి, మానితే లాభమేమిటి, నష్టమేమిటి అని నాలుగు గళ్లలో రాయిస్తారు, ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుకోవచ్చు. నాకు ఆ గళ్లు పనికొచ్చాయి కానీ అక్కడ నా ఫోన్ నంబరు ఎవరూ అడగలేదు.

ఫోరం ఎంచుకునేటప్పుడు, చేరకముందే ఒక వారం ఊరికే చదవండి. ఎవరైనా గెలిచిన మొత్తాన్నీ, ఆడిన సైటు పేరునూ రాసినప్పుడు నిర్వాహకులు ఎంతసేపట్లో తీసేస్తారో గమనించండి. నేను కొన్నాళ్లు చదివిన మరో ఫోరంలో అలాంటివి రోజుల తరబడి ఉండేవి. అక్కడ పేరు నమోదు చేసిన రెండో రోజే జూదం సైట్లు మనల్ని రానివ్వకుండా చేసే గామ్‌స్టాప్ అనే ఏర్పాటులో లేని సైట్ల చిట్టా వ్యక్తిగత సందేశంలో వచ్చింది. బ్రిటన్‌లో లైసెన్సున్న ఆన్‌లైన్ సంస్థలన్నీ 2020 మార్చి 31 నుంచి గామ్‌స్టాప్‌లో చేరవలసిందే. అందులో పేరు నమోదు చేసుకుంటే ఆరు నెలలు, ఏడాది లేదా ఐదేళ్లు ఆ సైట్లు మనల్ని రానివ్వవు. లైసెన్సు లేని సైట్లకు అది వర్తించదు కనుక, మానాలనుకునేవాళ్లు గుమికూడే చోటే వాటి దళారులు వల వేస్తారు. కొత్త సభ్యులకు వ్యక్తిగత సందేశాలు పంపే వీలు లేని ఫోరమే మంచిది.

మా ఆవిడకు మాత్రం గది నచ్చలేదు. కుటుంబ సభ్యుల కోసం గామ్-అనాన్ అనే మీటింగు ఉంది కానీ, అక్కడి ఇంగ్లీషు యాసను అందుకోలేక అలసిపోయేది. గాంబ్లింగ్ థెరపీలో కుటుంబాల విభాగాన్ని ఆమె తన వేగంతో, రెండుసార్లు చదువుకుంటూ, నిఘంటువు చూసుకుంటూ వాడుకుంది. వినడం కష్టమై చదవడం తేలికైన మన వాళ్లకు ఫోరం ఎంచుకోవడానికి ఇది కూడా ఒక కారణమే.

గుంటూరులో ఉన్న ఒక మిత్రుడు ఆన్‌లైన్ రమ్మీ వల్ల ఇదే గోతిలో పడి నన్ను అడిగాడు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది, కానీ అతను అప్పటికే దొంగ లింకులకు మారాడు. ముందు 14416కు ఫోన్ చేయమన్నాను. అది టెలి-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. తర్వాత మా మీటింగు ఆన్‌లైన్‌లో జరిగే రోజున చేరమన్నాను. ఇక్కడ ఏడున్నర అంటే చలికాలంలో అక్కడ రాత్రి ఒంటిగంట, అతను మేడ మీద చాప వేసుకుని కూర్చుంటాడు. మొదటి మూడు వారాలు కెమెరా ఆపేసి విన్నాడు. నాలుగో వారం పేరు చెప్పి, చివరిసారి ఆడిన తేదీ చెప్పాడు. మర్నాడు నేనే ఫోన్ చేసి అప్పుల జాబితా చదవమన్నాను. చదివాక, అందులో లేనిది ఏమిటని అడిగాను. కాసేపు ఆగి, ‘మా అక్క పేరు మీద పాడిన చీటీ’ అన్నాడు.